పదానికి ఎంతండీ?

శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక ఫోన్ మోగింది. అవతల ఓ అనువాద ఏజెన్సీ కోఆర్డినేటర్. "మేడమ్, ఇంగ్లీషు నుంచి తెలుగు, 3,200 పదాలు. సోమవారం పొద్దున్నే కావాలి. పదానికి ఎంత తీసుకుంటారు?"

ఒకప్పుడైతే ఠక్కున చెప్పేదాన్ని, రెండున్నర రూపాయలని. ఎందుకు రెండున్నర అంటే నాకు తెలిసినావిడ అంత తీసుకుంటోంది కాబట్టి. ఆవిడకు ఆ అంకె ఎక్కడిదో నేనెప్పుడూ అడగలేదు. ఆవిడా ఇంకెవర్నో చూసే చెప్పి ఉంటుంది. ఇప్పుడు మాత్రం "ఫైలు పంపండి, చూసి రేపు పొద్దున చెప్తాను" అంటాను.

పదం లెక్క పని ఇచ్చేవాళ్లకు సుఖం. ఖర్చెంతో ముందే తెలిసిపోతుంది. మనకు మాత్రం ఖర్చయ్యేది గంటలు. మామూలు జాకెట్టుకూ లైనింగు జాకెట్టుకూ ఒకే కూలి చెప్పే టైలరు ఎక్కడైనా ఉంటాడా? అనువాదకులం మాత్రం పెళ్లి పత్రికకూ మందుల కాగితానికీ ఒకే రేటు చెప్పేస్తుంటాం. అందుకే నేను ముందు గంట ధర తేల్చుకుని, దాన్ని పదాల్లోకి మారుస్తాను.

గంట ధర ఇలా కట్టాను. ఇంటికి నెలకు 45,000 కావాలి. కరెంటు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్, ఆరోగ్య బీమా, ఎప్పటికైనా కొనాల్సిన కొత్త ల్యాప్‌టాప్ కోసం పక్కన పెట్టేది, అన్నీ కలిపి మరో 9,000. మొత్తం 54,000. నెలకు 22 రోజులు కుర్చీలో కూర్చుంటాను గానీ, మెయిళ్లు, కొటేషన్లు, బిల్లులు, రావాల్సిన డబ్బుకు ఫోన్లు, పని లేని రోజులు పోగా డబ్బొచ్చే పని నెలకు 100 గంటలు మించదు. అంటే గంటకు 540 రూపాయలు. మీ ఇంటి అంకెలు వేరు కావచ్చు. ఆ 100 దగ్గర మాత్రం చాలామంది 176 వేసుకుని మోసపోతారు. రోజుకు ఎనిమిది గంటలూ అనువాదమే చేసినట్టు లెక్కన్నమాట.

ఇక ఫైలు. అది ఒక మందు ప్రయోగంలో పాల్గొనేవాళ్లు చదివి సంతకం పెట్టాల్సిన సమ్మతి పత్రం. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఇది ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఎథిక్స్ కమిటీ ఆమోదం పొందాలి. మొదటి పేజీ చూస్తే ఎంతో తేలిక. "ఈ పత్రాన్ని జాగ్రత్తగా చదవండి" లాంటి మాటలే. అది చూసి రేటు చెప్తే అయిపోయినట్టే. నేను ఫైలు నడుమ నుంచి 250 పదాలు తీసుకుని, గడియారం పక్కన పెట్టుకుని తెలుగు చేస్తాను. ఆ రోజు గంటంపావు పట్టింది. అంటే గంటకు 200 పదాలు. ఆసుపత్రి కరపత్రాలు నేను గంటకు 300కు తగ్గకుండా చేస్తాను. ఈ పత్రంలో 'ప్లాసీబో' అన్న ఒక్క మాట దగ్గరే పదిహేను నిమిషాలు పోయాయి. అలాగే ఉంచేస్తే పల్లెటూరి రోగికి అర్థం కాదు. 'ఉత్తుత్తి మాత్ర' అంటే తనను మోసం చేస్తున్నారనుకుంటాడు. చివరికి 'చూడ్డానికి మందులాగే ఉండి, అందులో మందు లేని మాత్ర' అని రాశాను. ఇంగ్లీషులో అది ఒక్క పదమే, కాబట్టి బిల్లులోనూ ఒక్క పదమే.

3,200 పదాలకు చిత్తుప్రతి 16 గంటలు. చాలామంది ఇక్కడే ఆగి, గంటకు 540 చొప్పున 8,640 అని, పదానికి 2 రూపాయల 70 పైసలు తేలుస్తారు. కానీ పని సగం కంటే కాస్త ఎక్కువే అయింది, అంతే. పదకోశం తయారు చేసుకోవడానికి 3 గంటలు. ఇంగ్లీషు పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూసుకోవడానికి, గంటకు 800 పదాల చొప్పున, 4 గంటలు.

పంపేశాక మొదలయ్యేది ఇంకొకటుంది. ఇలాంటి పత్రాలకు తరచుగా వెనక్కి అనువాదం చేయిస్తారు. నా తెలుగును, అసలు ఇంగ్లీషు చూడని మరొకరు మళ్లీ ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టి ప్రశ్నలు పంపుతారు. ఒకసారి నేను "వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు" అని రాశాను. తిరిగొచ్చిన ఇంగ్లీషులో 'సమ్మతి' అన్న మాట లేదు. ఏదీ, ఎక్కడ పోయింది అని ప్రశ్న. "సమ్మతిని ఉపసంహరించుకోవచ్చు" అంటే కమిటీకి తృప్తి, రోగికి గందరగోళం. "ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు" దగ్గర రాజీ కుదిరింది. ఒక్క వాక్యానికి నాలుగు మెయిళ్లు. అలాంటి జవాబులకు 3 గంటలు, కమిటీ చెప్పే మార్పులకు 2 గంటలు వేస్తాను.

మొత్తం 28 గంటలు, 15,120 రూపాయలు. పదానికి 4 రూపాయల 72 పైసల చిల్లర. 4.75 అన్నాను. పాత అలవాటున రెండున్నరకు ఒప్పుకుని ఉంటే 8,000 వచ్చేది, గంటకు 286 పడేది.

సవరణల విషయం కొటేషన్‌లోనే రాసేయాలి. నా తప్పు దిద్దడానికి డబ్బు అడగను. ఒక విడత ప్రశ్నలకు జవాబులు, కమిటీ మార్పులు రేటులోనే కలిసి ఉంటాయి. అంతకు మించి, నచ్చిన మాట కోసం మళ్లీ మళ్లీ మార్చమన్నా, ఇంగ్లీషు మూలమే మారినా, గంటకు 540. మూడోదే ఎక్కువగా జరుగుతుంది, దాన్ని 'చిన్న అప్‌డేట్' అంటారు.

ఇప్పుడు సోమవారం సంగతి. పంపేలోపు చేయాల్సింది 23 గంటల పని. మామూలుగా రోజుకు ఐదు గంటల చొప్పున శుక్రవారానికి అవుతుంది. రెండు రోజుల్లో అంటే రోజుకు పదకొండున్నర గంటలు. ఒంటి అలసట ఒక్కటే కాదు, చిత్తుప్రతిని ఒక రాత్రి పక్కన పెట్టి కొత్త కళ్లతో చదివే వీలు పోతుంది. తొమ్మిదో గంట తర్వాత 'లేదు' అన్నది 'ఉంది' అయిపోయినా కంటికి ఆనదు. మందుల కాగితంలో అది చిన్న విషయం కాదు. అందుకే మొదటి పన్నెండు పేజీలు వేరొకరి చేత చదివించే ఖర్చు, పోయే ఆదివారం కలిపి 40 శాతం వేస్తాను, అదీ ఆ 23 గంటల మీదే. తర్వాత వచ్చే సవరణలకు తొందరేం లేదుగా. 12,420 మీద 4,968. మొత్తం 20,088, పదానికి 6.25 అనుకోవచ్చు.

పదాలు ఏ భాషలో లెక్కపెడతారో కూడా ముందే అడగాలి. 'ఇఫ్ యు డు నాట్ వాంట్ టు పార్టిసిపేట్' ఏడు పదాలు. 'మీకు పాల్గొనడం ఇష్టం లేకపోతే' నాలుగే. మన విభక్తులు, క్రియలు మాటకు అతుక్కుపోతాయి కాబట్టి పదాల సంఖ్య తగ్గుతుంది. 4.75 తెలుగు పదాల మీద అని ఒప్పుకుంటే పనంతా చేసి మూడోవంతు డబ్బు వదులుకున్నట్టే కావచ్చు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు చేసేటప్పుడు మూలం మీద లెక్కైతే, ఇదే కారణానికి రేటు పెంచి చెప్పాలి. బొమ్మల్లో ఇరుక్కున్న అక్షరాలు కంప్యూటర్ లెక్కకు రావు, అవి చేత్తో లెక్కపెట్టుకోవాల్సిందే.

శనివారం పొద్దున రెండు ధరలూ పంపాను. సోమవారమైతే 6.25, వచ్చే శుక్రవారమైతే 4.75. పది నిమిషాల్లో ఫోన్. "శుక్రవారం ఇచ్చినా పర్లేదు మేడమ్, కమిటీ మీటింగు ఆ పైవారంలోనే."

ఆ పని చివరికి 31 గంటలు పట్టింది. అందులో రెండు, ఇంగ్లీషులో కొత్తగా చేర్చిన పేరాలవి. వాటికి 1,080 రూపాయలకు విడిగా బిల్లు పెట్టాను. మిగిలిన గంట నాదే. పట్టికల్లో మోతాదులు ఇంత నెమ్మదిగా సాగుతాయని నా 250 పదాల నమూనాలో తేలలేదు. ఈసారి సమ్మతి పత్రం వస్తే నమూనాలో ఒక పట్టిక కూడా తీసుకోవాలని నోటుబుక్కులో రాసుకున్నాను.