అప్‌గ్రేడ్‌కు ముందు కొని, అయ్యాక అమ్మితే?

2022 సెప్టెంబరు 15. మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో ఎథీరియం నెట్‌వర్క్ మైనింగ్‌కు స్వస్తి చెప్పింది. అప్పటిదాకా అందులో లావాదేవీలను ఖరారు చేసే పని, కరెంటును విపరీతంగా తాగే మైనింగ్ యంత్రాలది. ఆ క్షణం నుంచి ఈథర్ నాణేలను హామీగా పెట్టి కాపలా కాసేవాళ్లది. దీన్నే స్టేకింగ్ అంటారు. ‘మెర్జ్’ అని పేరు పెట్టుకున్న ఈ మార్పు కోసం ఇంజినీర్లు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. నెట్‌వర్క్ ఆగకుండానే పని పూర్తయింది. విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా తగ్గిపోయింది.

ధర మాత్రం పడింది. ముందు రోజు సుమారు 1,640 డాలర్ల దగ్గర ముగిసిన ఈథర్, వారం తిరిగేసరికి 1,330 దగ్గరికి జారింది. మధ్యలో ఒక రోజు 1,250 దాకా వెళ్లొచ్చింది. ఇంత పెద్ద విజయం తర్వాత ఇదేమిటని కొత్తవాళ్లు తెల్లబోతే, మార్కెట్‌లో తలపండినవాళ్లు పాత సూత్రమే మళ్లీ వల్లించారు: పుకారుకు కొను, వార్తకు అమ్ము. మంచి జరగబోతోందన్న కబురుతోనే ధర పెరిగిపోతుంది, అది జరిగే రోజుకు కొనాల్సినవాళ్లంతా కొనేసి ఉంటారు, ఇక మిగిలింది అమ్మేవాళ్లే అన్నది దాని తర్కం.

వినడానికి బాగానే ఉంది. పాత చార్టులు అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి సరిచూడటమూ కష్టం కాదు. కానీ చార్టు తెరిచే ముందే మూడు సంగతులు తేల్చుకోవాలి. ఏ రోజు ధర నుంచి లెక్క మొదలుపెట్టాలి, ఎన్నో రోజున ఆపాలి, దేనితో పోల్చాలి. చార్టు చూశాక వీటిని ఎంచుకుంటే, నచ్చిన జవాబుకు తగ్గ తేదీలే కంటికి కనిపిస్తాయి.

ఇక్కడ ఒక నియమం పెట్టుకుందాం. అప్‌గ్రేడ్‌కు ముందు రోజు ముగింపు ధర నుంచి మొదలుపెట్టి, అప్‌గ్రేడ్ తర్వాత ఏడో రోజు ముగింపు దగ్గర ఆపాలి. పోలిక బిట్‌కాయిన్‌తో. ఈ పోలిక చాలా అవసరం. క్రిప్టో మార్కెట్‌లో బిట్‌కాయిన్ పడితే మిగతా నాణేలూ దానితో పాటే పడతాయి. ఆ పతనాన్ని అప్‌గ్రేడ్ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. ఒక ఈథర్‌కు ఎంత బిట్‌కాయిన్ వస్తుందో చూపే ETH/BTC చార్టు తెరిస్తే ఈ మార్కెట్ ప్రభావం చాలావరకు తొలగిపోతుంది.

మెర్జ్‌ను ఈ నియమంతో కొలిస్తే ఏం తేలుతుంది? ఈథర్ డాలర్లలో దాదాపు 19 శాతం పడింది. అదే వ్యవధిలో బిట్‌కాయిన్ కూడా 20,200 నుంచి 19,400 ప్రాంతానికి, అంటే సుమారు 4 శాతం తగ్గింది. ఆ వారమే అమెరికా ద్రవ్యోల్బణం అంచనాలను మించింది, తర్వాతి వారం అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును ముప్పావు శాతం పెంచింది. ఆ దెబ్బ అందరికీ తగిలింది. దాన్ని తీసేసినా, బిట్‌కాయిన్‌తో పోలిస్తే ఈథర్ 16 శాతం దాకా వెనకబడినట్టే. అంతకు ముందు రెండు నెలలు చూస్తే కథ ఇంకా స్పష్టం. జూలై 14న డెవలపర్ల సమావేశంలో సెప్టెంబరు మూడో వారం అంటూ తొలిసారి ఒక తేదీ వినిపించింది. ఆ ముందు రోజు ఒక ఈథర్‌కు 0.055 బిట్‌కాయిన్ వచ్చేది. మెర్జ్ నాటికి అది 0.081 అయింది. పుకారుకు పెరగడం, వార్తకు పడటం రెండూ ఇక్కడ నిజమే.

అయితే సూత్రం నెగ్గిందని చెప్పేసి ముందుకు సాగిపోతే అసలు సంగతి చేజారుతుంది. మెర్జ్‌కు మరే అప్‌గ్రేడ్‌కూ లేని ప్రత్యేకత ఒకటుంది. ఉపాధి పోతున్న మైనర్లలో కొందరు పాత పద్ధతినే కొనసాగిస్తూ నెట్‌వర్క్‌ను చీల్చి, ETHW అనే వేరే నాణేన్ని తెస్తామని ప్రకటించారు. నెట్‌వర్క్ చీలితే, ఆ క్షణంలో ఎవరి దగ్గర ఎన్ని ఈథర్లు ఉంటే అన్ని కొత్త నాణేలు వారికి ఉచితంగా దక్కుతాయి. కంపెనీ డివిడెండ్‌కు రికార్డు తేదీ ఉన్నట్టే ఇదీ. ఆ తేదీ దాకా షేరు చేతిలో ఉంచుకోవాలని అందరూ చూస్తారు, అది దాటగానే ఆ కారణం పోతుంది, ధర ఆ మేరకు సర్దుకుంటుంది.

దీనికి ఆధారం ఫ్యూచర్స్ మార్కెట్‌లోనే దొరుకుతుంది. ఉచిత నాణెం కావాలి, కానీ ఈథర్ ధర పడితే నష్టం వద్దు అనుకున్నవాళ్లు ఒక చేత్తో ఈథర్ కొని, మరో చేత్తో అన్ని ఫ్యూచర్స్ అమ్మారు. అలా అమ్మకం వైపు జనం పోగుపడటంతో, గడువు తేదీ లేని ఫ్యూచర్స్‌లో కొన్నవాళ్లకు అమ్మినవాళ్లే ఎదురు డబ్బు చెల్లించాల్సి వచ్చింది. దీన్ని చూపే ఫండింగ్ రేటు మెర్జ్‌కు ముందు రోజుల్లో సున్నాకు చాలా కిందికి పోయింది, మెర్జ్ కాగానే మామూలు స్థితికి వచ్చేసింది. పని అయిపోయిన ఈథర్లు మార్కెట్‌కు వచ్చాయి. ETHW కూడా కొద్ది రోజుల్లోనే విలువలో ఎక్కువ భాగం పోగొట్టుకుంది. అంటే ఆనాటి పతనంలో ఎంతో కొంత ‘వార్తకు అమ్మడం’ కాదు, రికార్డు తేదీ దాటడం. తర్వాతి అప్‌గ్రేడ్‌లో ఇలాంటి ఉచిత నాణెం లేకపోతే అదే పతనం మళ్లీ వస్తుందని ఆశించడానికి ఆధారం బలహీనం.

మిగతా అప్‌గ్రేడ్లు ఈ అనుమానాన్నే బలపరుస్తాయి. 2021 ఆగస్టు 5న జరిగిన ‘లండన్’ అప్‌గ్రేడ్‌తో, లావాదేవీల రుసుములో కొంత భాగం నెట్‌వర్క్ నుంచి శాశ్వతంగా మాయమవడం మొదలైంది. ఆ వారంలో ఈథర్ సుమారు 12 శాతం పెరిగింది. బిట్‌కాయిన్ కూడా అంతే పెరిగింది. మార్కెట్‌ను తీసేస్తే మిగిలింది దాదాపు సున్నా.

2023 ఏప్రిల్‌లో వచ్చిన ‘షపెల్లా’ కథ తలకిందులుగా నడిచింది. స్టేకింగ్‌లో ఇరుక్కున్న సుమారు 1.8 కోట్ల ఈథర్లను వెనక్కి తీసుకునే వీలు దానితోనే కలిగింది. అవన్నీ ఒక్కసారిగా అమ్మకానికి వస్తాయని ముందు నుంచే భయం పరుచుకుంది. తీరా గేటు తెరిచాక ధర 1,900 నుంచి నాలుగు రోజుల్లో 2,100 దాటింది. నిజానికి ఎవరూ ఒక్క రోజులో మొత్తం తీసుకోలేరు. అసలు సొమ్ము పూర్తిగా కావాలంటే వరుసలో నిలబడాల్సిందేనని ప్రోటోకాల్‌లోనే రాసి ఉంది. అది చదివినవాళ్లకు భయపడాల్సిన పనే లేకపోయింది. ఏడో రోజుకు లాభంలో చాలా భాగం కరిగినా, బిట్‌కాయిన్ కన్నా ఈథర్ 7 శాతం దాకా ముందే ఉంది.

2024 మార్చి 13 నాటి ‘డెన్‌కన్’ను మాత్రం సూత్రాన్ని నమ్మేవాళ్లు తప్పకుండా చూపిస్తారు. ఎథీరియంపై ఆధారపడి నడిచే అనుబంధ నెట్‌వర్కుల్లో రుసుములను భారీగా తగ్గించిన అప్‌గ్రేడ్ అది. 4,000 డాలర్ల దగ్గరున్న ఈథర్ మార్చి 19 నాటికి 3,150 ప్రాంతానికి పడిపోయింది. చూపించడానికి అద్భుతమైన చార్టు. కానీ మరుసటి రోజే 3,500కు లేచింది. ఆరో రోజున ఆపితే 21 శాతం నష్టం, ఏడో రోజున ఆపితే 12 శాతం. పైగా బిట్‌కాయిన్ సరికొత్త గరిష్ఠాన్ని తాకి వెనక్కి తిరిగింది కూడా అదే వారంలో. దాన్ని తీసేస్తే ఈథర్ వెనకబడింది 7 శాతమే. పడలేదని కాదు, చార్టు కళ్లకు చూపినంత పడలేదని.

ఇక 2025 మే 7 నాటి ‘పెక్ట్రా’ సూత్రానికి పూర్తిగా ఎదురు తిరిగింది. కబురు నడిచిన నెలల్లో ఈథర్ 3,000 పై నుంచి ఒక దశలో 1,500 కిందికి పడింది. పుకారుకు కొన్నవాళ్లు మునిగారు. అప్‌గ్రేడ్ తర్వాత వారంలో 1,800 నుంచి 2,600కు, అంటే 40 శాతానికి పైగా ఎగిసింది. అదే వారంలో అమెరికా మొదట బ్రిటన్‌తో, తర్వాత చైనాతో సుంకాల విషయంలో ఒప్పందాలు ప్రకటించింది. బిట్‌కాయిన్ పెరిగింది 7 శాతమే కాబట్టి, మార్కెట్ ఊపు మాత్రమే కారణమని చెప్పలేం. అలాగని మొత్తం ఘనతను అప్‌గ్రేడ్‌కు ఇవ్వడానికీ ఈ ఒక్క వారం చాలదు.

ఐదింటిలో రెండు సూత్రం వైపు, రెండు ఎదురు, ఒకటి ఎటూ కాదు. ఐదు సందర్భాలతో ఏ నియమమూ రుజువు కాదు, కొట్టివేయనూ లేం. అయినా ‘ప్రతిసారీ ఇంతే’ అన్న ధీమా నిలవదని చెప్పడానికి ఇవి చాలు.

సూత్రంలోని మొదటి సగంతో ఇంకా పెద్ద చిక్కుంది. పుకారు ఏ రోజు పుట్టింది? మెర్జ్ 2022 జూన్‌లో అవుతుందని ఆ ఏడాది వసంతంలో గట్టిగా అనుకున్నారు. ఏప్రిల్‌లో, జూన్‌లో కాదు, ఆ తర్వాత కొన్ని నెలలకు అని డెవలపర్ల సమన్వయకర్త టిమ్ బీకో స్పష్టం చేశారు. అప్పుడు ఈథర్ 3,000 పైనే ఉంది. ఆ పుకారుకు కొన్నవాళ్లు మెర్జ్ రోజున అమ్మితే సగం సొమ్ము పోయినట్టే. జూలై పుకారుకు కొన్నవాళ్లకు మంచి లాభం. వార్త ఒక్కటే, పుకార్లు రెండు. తేదీలు వాయిదా పడటం ఈ రంగంలో మామూలే. 2019 జనవరిలో ‘కాన్‌స్టాంటినోపుల్’ అప్‌గ్రేడ్‌ను, కోడ్‌లో భద్రతా లోపం బయటపడటంతో చివరి గంటల్లో ఆపి ఫిబ్రవరి నెలాఖరుకు నెట్టారు.

స్వయంగా చార్టు తెరిచేవాళ్లు జాగ్రత్త పడాల్సిన చిన్న సంగతి ఒకటుంది. క్రిప్టో చార్టుల్లో రోజువారీ క్యాండిల్ సాధారణంగా అంతర్జాతీయ సమయం ప్రకారం ముగుస్తుంది, అంటే మనకు ఉదయం 5:30కి. షపెల్లా మన లెక్కన ఏప్రిల్ 13 తెల్లవారుజామున నాలుగింటికి మూడు నిమిషాల ముందు మొదలైంది. చార్టులో మాత్రం అది ఏప్రిల్ 12 క్యాండిల్‌లోనే, దాదాపు చివర్లో ఉంటుంది. తేదీ ఒక్కటి అటూఇటూ అయితే ‘ముందు’ ధర ‘తర్వాత’ ధరగా మారిపోతుంది. అనుమానం ఉంటే గంటల చార్టు చూడటం మేలు.

మన దేశంలో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు పడుతున్నాయి. ఒక లావాదేవీలో వచ్చిన నష్టాన్ని మరో దాని లాభంలోంచి తగ్గించుకోనివ్వరు. ఒక అప్‌గ్రేడ్‌కు 20,000 రూపాయలు గెలిచి, మరో అప్‌గ్రేడ్‌కు 20,000 పోగొట్టుకున్న మనిషి చేతిలో మిగిలేది సున్నా. కట్టాల్సిన పన్ను మాత్రం 6,240 రూపాయలు. సగం సార్లు నిజమయ్యే సూత్రం ఇక్కడ లాభనష్టాలు లేని ఆట కాదు, నికరంగా నష్టమే. ఖర్చులు గట్టెక్కాలంటే గెలిచినప్పటి లాభం, ఓడినప్పటి నష్టానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండాలి.