తిత్తిలో గడ్డ, నెత్తురులో లెక్క

గర్భం వచ్చిందో లేదో చూసుకునే పరీక్ష పట్టీ మీద రెండో గీత పడాలంటే మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోను ఉండాలి. గర్భంలో మాయ దాన్ని తయారుచేస్తుంది. మగవాడి ఒంట్లో దాని జాడ దాదాపు ఉండదు. అలాంటిది పాతికేళ్ల కుర్రాడి రక్తంలో అది వేలల్లో కనిపిస్తే, డాక్టరు ముందుగా చూసేది అతని వృషణాలను.

వృషణాల్లో వీర్యకణాలకు మూలమైన కణాలను బీజకణాలు అంటారు. అక్కడ పుట్టే క్యాన్సర్లలో నూటికి తొంభై అయిదు వీటి నుంచి వచ్చేవే. ఒంట్లోని ఏ అవయవానికైనా ఆది ఈ బీజకణమే కాబట్టి, దారి తప్పాక కూడా ఆ పాత విద్య దానికి గుర్తుంటుంది. కొన్ని కణితులు మాయలా నటించి హెచ్‌సీజీని వదులుతాయి. కొన్ని తొలి పిండానికి అంటుకుని ఉండే సొన సంచిలా నటించి ఆల్ఫా ఫీటో ప్రోటీన్‌ను, అంటే ఏఎఫ్‌పీని, రక్తంలోకి పంపుతాయి. టెరటోమా అనే రకాన్ని కోసి చూస్తే మృదులాస్థి, చర్మం, పేగు పొర లాంటి ముక్కలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఈ రెండు గుర్తులకు తోడు ఎల్‌డీహెచ్ అనే మూడోది కూడా చూస్తారు గానీ, అది చాలా జబ్బుల్లో పెరుగుతుంది. కణితి ఏపాటి పెద్దదో అంచనా వేయడానికి మాత్రమే పనికొస్తుంది.

ఈ జబ్బు ముసలివాళ్లది కాదు. ఎక్కువగా పదిహేను, నలభై ఏళ్ల మధ్య వస్తుంది. నార్వే, డెన్మార్క్‌లలో ఏటా లక్ష మంది మగవాళ్లలో పదిమంది దాకా దీని బారిన పడుతుంటే, మన దేశంలో ఆ లెక్క ఒక్కరికీ లోపే. అరుదు కావడం వల్లే మన దగ్గర ఇది వెంటనే ఎవరికీ తట్టదు. కోస్తా జిల్లాల్లో బోదకాలు దోమల పుణ్యమా అని తిత్తి వాచిందంటే వరిబీజమే అనుకునే అలవాటు ఒకటి ఉంది. పైగా ఈ గడ్డ చాలామందిలో నొప్పి పెట్టదు. ఒకవైపు బరువుగా, రాయిలా గట్టిగా తగులుతుంది, అంతే. నొప్పి లేదని కుర్రాడు ఊరుకుంటాడు, సిగ్గుతో ఇంట్లో చెప్పడు. ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాసిస్తే మరో రెండు వారాలు గడిచిపోతాయి. కొందరికి హెచ్‌సీజీ వల్ల రొమ్ములు ఉబ్బుతాయి, ఇంకొందరు నడుం నొప్పితో ఎముకల డాక్టరు దగ్గర తేలతారు. పుట్టినప్పుడు వృషణం తిత్తిలోకి దిగకుండా కడుపులోనో గజ్జలోనో ఆగిపోయినవాళ్లకు ముప్పు కొన్ని రెట్లు ఎక్కువ.

తిత్తికి అల్ట్రాసౌండ్ చేస్తే అది నీటి వాపో, లోపలే పుట్టిన గట్టి గడ్డో నిమిషాల్లో తెలిసిపోతుంది. గట్టి గడ్డ అని తేలాక మిగతా క్యాన్సర్లలోలా సూది గుచ్చి ముక్క తీయరు. ఆపరేషన్ కూడా తిత్తిని కోసి చేయరు. కారణం శరీర నిర్మాణంలో ఉంది. వృషణం పుట్టేది తిత్తిలో కాదు, కడుపు వెనుక భాగంలో, మూత్రపిండాల పక్కన. పుట్టుక ముందు అక్కడి నుంచి కిందికి జారుతూ తన రక్తనాళాలను, లింఫ్ నాళాలను వెంట తెచ్చుకుంటుంది. అందుకే వృషణంలో పుట్టిన క్యాన్సర్ మొదట చేరేది పక్కనే ఉన్న గజ్జల్లోని గ్రంథులకు కాదు, పైన వెన్నెముక ముందు పెద్ద రక్తనాళాల చుట్టూ ఉన్న గ్రంథులకు. తిత్తి చర్మం దారి వేరు. దాని లింఫ్ గజ్జల్లోకి పోతుంది. తిత్తిని కోసినా, సూది గుచ్చినా క్యాన్సర్‌కు లేని కొత్త దారి తెరిచినట్టే.

అందువల్ల సర్జన్ బెల్టు గీతకు కాస్త కింద, గజ్జలో కొన్ని సెంటీమీటర్ల గాటు పెడతాడు. వృషణాన్ని వేలాడదీసే తాడు అక్కడ దొరుకుతుంది. దాన్ని ముందు బిగించి, కణాలు పైకి జారకుండా చేసి, ఆ తర్వాతే వృషణాన్ని కింది నుంచి పైకి లాగి తాడుతో సహా తీసేస్తాడు. తాడు కడుపులోకి పోయేచోట కరగని దారంతో కడతారు. మున్ముందు మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆ ముడి గుర్తుగా పనికొస్తుంది. మిగిలిన ఒక్క వృషణం బాగుంటే మగతనానికి, పిల్లలకు సాధారణంగా అదే చాలు. అయినా కీమో అవసరపడొచ్చు కాబట్టి వీర్యాన్ని ముందే బ్యాంకులో దాచుకోమంటారు. ఈ మాట డాక్టరు చెప్పకపోతే రోగే అడగాలి. కీమో మొదలయ్యాక అడిగితే ఆలస్యమైనట్టే.

అసలు కథ ఆపరేషన్ తర్వాత మొదలవుతుంది. ఒక ఊహా రోగిని తీసుకుందాం. వయసు 26. ఎడమ వృషణంలో గడ్డ. ఆపరేషన్‌కు ముందు ఏఎఫ్‌పీ 640, హెచ్‌సీజీ 2,000. గడ్డ పోయాక రక్తంలో మిగిలినది తనంతట తాను తగ్గాలి, అదీ ఒక లెక్క ప్రకారం. హెచ్‌సీజీ ఒకటి ఒకటిన్నర రోజులకోసారి సగమవుతుంది. ఏఎఫ్‌పీ సగం కావడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. కాబట్టి మూడు వారాలకు ఏఎఫ్‌పీ 320, 160 మీదుగా ఎనభైకో ఇంకా కిందికో రావాలి, హెచ్‌సీజీ ఆనవాలు లేకుండా పోవాలి. మన రోగికి మూడు వారాలకు ఏఎఫ్‌పీ 560, హెచ్‌సీజీ 900. అంటే ఒంట్లో ఇంకెక్కడో ఇవి తయారవుతున్నాయి. సీటీ స్కాన్‌లో మూత్రపిండం దగ్గర మూడున్నర సెంటీమీటర్ల గ్రంథి, ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలు బయటపడ్డాయి.

ఊపిరితిత్తులకు పాకిన క్యాన్సర్ అనగానే ఇంటిల్లిపాదీ కుప్పకూలుతారు. ఈ క్యాన్సర్‌లో మాత్రం తొందరపడి కుప్పకూలాల్సిన పని లేదు. పాకిన తర్వాత కూడా ఏఎఫ్‌పీ వెయ్యి లోపు, హెచ్‌సీజీ ఐదు వేల లోపు ఉండి, ఎల్‌డీహెచ్ మరీ పెరగకుండా, కాలేయం, ఎముకలు, మెదడు జోలికి పోనివాళ్లను మంచి వర్గం అంటారు. వీళ్లలో నూటికి తొంభై మందికి పైగా నయమవుతారు. మన రోగి ఆ వర్గంలోకే వస్తాడు.

యాభై అరవై ఏళ్ల కిందట ఈ మాట ఎవరూ అనలేకపోయేవారు. అప్పట్లో ఇలా పాకితే నూటికి తొంభై మంది చనిపోయేవారు. మలుపు రెండు చోట్ల వచ్చింది. మొదటిది రక్తంలోని గుర్తును నమ్మడం. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ అనే చైనా డాక్టరు, మాయ నుంచి పుట్టే క్యాన్సర్ ఉన్న ఆడవాళ్లకు మెథోట్రెక్సేట్ ఇచ్చాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ కంపెనీ బృందం తయారుచేసిన మందు అది. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాయి, కానీ హెచ్‌సీజీ కాస్త మిగిలే ఉంది. అది సున్నా అయ్యేదాకా లీ మందు ఆపలేదు. కనపడని జబ్బుకు విషం ఎక్కిస్తున్నాడని పైవాళ్లు అతన్ని ఉద్యోగంలోంచి పంపేశారు. తీరా చూస్తే సున్నా దాకా మందు పడినవాళ్లే బతికారు. 1972లో లాస్కర్ అవార్డు అందుకున్నవారిలో అతనూ ఉన్నాడు.

రెండో మలుపు సిస్‌ప్లాటిన్. మిషిగన్‌లో బార్నెట్ రోజెన్‌బర్గ్ విద్యుత్తు ప్రభావం చూద్దామని బ్యాక్టీరియా ఉన్న ద్రవంలోకి కరెంటు పంపితే, ప్లాటినం కడ్డీల నుంచి పుట్టిన పదార్థం వాటి విభజనను ఆపేసింది. ఆ ఫలితం 1965లో అచ్చయింది. 1974లో ఇండియానాపొలిస్‌లో లారెన్స్ ఐన్‌హార్న్ ఆ మందును మరో రెండు మందులతో కలిపి జాన్ క్లీలాండ్ అనే కాలేజీ విద్యార్థికి ఇచ్చాడు. అతని జబ్బు ఊపిరితిత్తులకు పాకింది, అంతకుముందు వాడిన మందులు ఓడిపోయాయి. కొద్ది వారాల్లో ఎక్స్‌రే శుభ్రపడింది. ఆ కుర్రాడు తర్వాత బడిలో జీవశాస్త్రం చెప్పే మాస్టారయ్యాడు. 2012లో ఛాతీ మధ్యలో పుట్టిన బీజకణ కణితితో క్రికెటర్ యువరాజ్ సింగ్ వెళ్లింది కూడా ఇదే ఐన్‌హార్న్ దగ్గరికి.

ఇప్పుడు మన రోగికిచ్చే కీమోలో మూడు మందులు: బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్. ఇరవై ఒక్క రోజులకు ఒక విడత, మొత్తం మూడు. మొదటి వారంలో గుర్తులు ఒక్కోసారి పైకి ఎగబాకుతాయి. చచ్చే కణాలు తమలో ఉన్నదంతా రక్తంలోకి కుమ్మరిస్తాయి కాబట్టి అది భయపడాల్సిన పెరుగుదల కాదు. ఆ తర్వాత మాత్రం లెక్క ప్రకారం దిగాలి. వాంతులు, నీరసం చూసి విడతను వెనక్కి జరపడం, మోతాదు తగ్గించడం ఈ జబ్బులో చేయకూడని పని. నయం కావడం సమయానికి పూర్తి మోతాదు పడటం మీదే ఆధారపడి ఉంది. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను దెబ్బతీయకుండా సెలైన్లు బాగా ఎక్కిస్తారు. చెవుల్లో హోరు, వేళ్లలో తిమ్మిరి కొందరికి మిగిలిపోతాయి. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులకు హాని చేయగలదు కాబట్టి పొడి దగ్గు, ఆయాసం మొదలైతే వెంటనే చెప్పాలి.

మూడు విడతలయ్యాక ఏఎఫ్‌పీ 5, హెచ్‌సీజీ లేదు, ఊపిరితిత్తుల మచ్చలు పోయాయి. వెన్నెముక ముందు మాత్రం రెండు సెంటీమీటర్ల గడ్డ మిగిలింది. రక్తం శుభ్రంగా ఉంది కదా, వదిలేయొచ్చు కదా అనిపిస్తుంది. వదలరు. టెరటోమా ఏ గుర్తునూ రక్తంలోకి వదలదు, కీమోకు లొంగదు. ఉన్నచోటే పెరిగి పక్కవాటిని నొక్కుతుంది, కొన్నేళ్లకు మరింత చెడ్డ క్యాన్సర్‌గా మారగలదు. కడుపు తెరిచి ఆ గ్రంథులను తీసేస్తే మన రోగిలో దొరికింది అదే. సెమినోమా అనే రెండో రకంలో మిగిలిన గడ్డ చాలాసార్లు ఒట్టి మచ్చ కణజాలమే కాబట్టి అక్కడ ఇంత పట్టుబట్టరు.

గుర్తులు ఇంకో రకంగానూ మోసం చేస్తాయి. తొలిదశలో చాలామందికి రక్తం మామూలుగానే ఉంటుంది, కాబట్టి అది చూసి గడ్డ మంచిదని తేల్చకూడదు. కాలేయ జబ్బు ఉన్నా ఏఎఫ్‌పీ పెరుగుతుంది. శుద్ధ సెమినోమా ఏఎఫ్‌పీని తయారుచేయదు; కాలేయం బాగుండి ఏఎఫ్‌పీ పెరిగితే, ల్యాబ్ రిపోర్టులో సెమినోమా అని రాసి ఉన్నా, లోపల రెండో రకం దాగి ఉన్నట్టే లెక్కగట్టి వైద్యం చేస్తారు.

అందరూ మంచి వర్గంలో ఉండరు. ఏఎఫ్‌పీ పదివేలు దాటినా, హెచ్‌సీజీ యాభై వేలు దాటినా, కాలేయానికో మెదడుకో పాకినా కీమో నాలుగు విడతలవుతుంది, బతికేవాళ్లు దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోతారు. సైకిల్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో మెదడుకు, ఊపిరితిత్తులకు పాకిన జబ్బుతో ఇండియానాపొలిస్‌కే వెళ్లాడు. మెదడు గడ్డలను కోసి తీశారు. బ్లియోమైసిన్ పడితే ఊపిరి దెబ్బతింటుందని దాని బదులు ఐఫోస్ఫమైడ్ వాడారు. తర్వాత డోపింగ్ వల్ల అతని పతకాలు పోయాయి గానీ, నయం కావడం మాత్రం నిజం.

వైద్యం ముగిశాక మొదటి రెండేళ్లు రక్తపరీక్షలు, స్కాన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, తిరగబెట్టేవి ఎక్కువగా అప్పుడే తిరగబెడతాయి కాబట్టి. మిగిలిన వృషణంలో కొత్తగా కణితి పుట్టే అవకాశం నూటికి రెండు మూడు వంతులు. దానికోసం పరీక్ష ఆసుపత్రిలో కాదు, స్నానాల గదిలో: నెలకోసారి, వేడినీళ్లకు తిత్తి వదులైనప్పుడు, రెండు వేళ్ల మధ్య మెల్లగా దొర్లించి, పోయిన నెల లేని గట్టిదనం ఏదైనా తగులుతోందేమో చూసుకోవడం.