మీకు తెలుసా? మాట మారితే అబద్ధమేనా?

సోమవారం వాట్సాప్‌లో ఒక స్నేహితుడు: "వెనకనుంచి ఆటో గుద్దింది, నేను పడిపోయా." బుధవారం: "ఆటోలో ముగ్గురున్నారు." శుక్రవారం: "చాలా స్పీడుగా వచ్చాడు, హెడ్‌లైట్ కూడా పగిలింది." పైకి స్క్రోల్ చేసి చూసినవాళ్లకు వెంటనే అనుమానం: రోజుకో మాట చెబుతున్నాడే!

కానీ అబద్ధమాడకపోయినా మాట మారొచ్చు. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 150 మంది విద్యార్థులకు ఒక కారు ప్రమాదం ఫిల్ము చూపించారు. 50 మందిని "కార్లు నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత వేగంలో ఉన్నాయి?" అని, మరో 50 మందిని "తగిలినప్పుడు ఎంత వేగంలో ఉన్నాయి?" అని అడిగారు. మిగతా 50 మందిని వేగం గురించి అడగనే లేదు. వారం తర్వాత అందరికీ ఒకటే ప్రశ్న: పగిలిన గాజు చూశారా? మొదటి గుంపులో 16 మంది, రెండో గుంపులో 7గురు, మూడో గుంపులో 6గురు చూశామన్నారు. ఫిల్ములో పగిలిన గాజే లేదు. వాళ్లెవరూ అబద్ధమాడాలనుకోలేదు, అడిగిన మాటే జ్ఞాపకంలో కలిసిపోయింది.

మన ఆటో కథలోనూ అంతే. గురువారం ఎవరో "అంత స్పీడా? లైటు పగల్లేదా?" అని అడిగి ఉండొచ్చు. ముగ్గురున్న సంగతి మాత్రం నిజంగానే ఆలస్యంగా గుర్తొచ్చి ఉండొచ్చు, అదీ మామూలే. పైగా కథ అల్లినవాడు ముందు చెప్పినదాన్నే జాగ్రత్తగా వల్లించే వీలుంది.

అయితే గుద్దింది ఆటో కాదు, లారీ అంటే మాత్రం అడగాల్సిందే. అప్పుడు కూడా, మారిన మెసేజ్‌కు ముందు మీరేం అడిగారో ఒకసారి చదవండి.