మీకు తెలుసా?

గర్భిణిగా ఉన్నప్పటికంటే పాలిచ్చే తల్లికే ఎక్కువ తిండి కావాలి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో గర్భిణికి రోజూ అదనంగా 350 కేలరీలు చెబితే, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ 600 చెప్పింది. మామూలు భోజనానికి తోడు ఒక జొన్నరొట్టె, కప్పు పప్పు, ఉడికించిన గుడ్డు, గ్లాసు పాలు కలిస్తే దాదాపు అంతవుతుంది. పథ్యం పేరుతో బాలింతకు కారప్పొడి అన్నమే పెడితే ఇందులో సగం కూడా అందదు.

కాన్పులో పోయిన రక్తాన్ని పూడ్చుకోవడానికి ప్రభుత్వ కార్యక్రమం కింద 180 రోజులు ఐరన్ మాత్రలిస్తారు. వాటిని టీతో వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకోవడం మేలు. కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ రెండు గంటల తేడా ఉండాలి. నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంటే, కళ్లు తిరుగుతుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి.

పాల తయారీకి శరీరం గర్భధారణ సమయంలో దాచుకున్న కొవ్వును కూడా కొంత వాడుకుంటుంది. కాబట్టి కడుపు నిండా తింటూనే వారానికి అర కిలో వరకు తగ్గవచ్చు. అందరికీ అంత తగ్గదు, కొందరికి పాత బరువు రావడానికి ఏడాది పైనే పడుతుంది.