తామర పువ్వు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆర్కిటెక్చర్ కాలేజీలో జ్యూరీ రోజున గోడ నిండా షీట్లే. ఎండ పడే తీరు, గాలి వచ్చే దిక్కు, నేల వాలు, చెట్లు, బస్టాపు, మురుగు కాలువ... సైట్ ఎనాలిసిస్‌కే ఐదారు షీట్లు పడతాయి. ఆ పక్క షీటు మీద కాన్సెప్టుగా ఒక తామర పువ్వు. ‘జ్ఞానం రేకుల్లా విచ్చుకుంటుంది’ అని కింద ఒక వాక్యం. జ్యూరీలో కూర్చున్నాయన నిదానంగా అడుగుతాడు: “సైటంతా తిరిగొచ్చావు కదమ్మా, ఈ పువ్వు అక్కడెక్కడ కనిపించింది?”

ఆ అమ్మాయి కష్టపడలేదని ఎవరూ అనలేరు. కానీ సేకరించిన విషయాలన్నీ జాబితాగానే మిగిలిపోయాయి. జాబితాలోంచి కాన్సెప్టు పుట్టదు. అందులోని రెండు సంగతులు ఒకదానితో ఒకటి తగువుపడే చోటు దొరికితే, అక్కడ పుడుతుంది.

చార్లెస్ కొరియా ముంబైలో కట్టిన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్ ఇందుకు మంచి ఉదాహరణ. 1983లో పూర్తయిన 28 అంతస్తుల భవనం అది. ముంబైలో సముద్రపు గాలి కావాలన్నా, చూడముచ్చటైన దృశ్యం కావాలన్నా ఇల్లు తూర్పు పడమరలకు తెరుచుకోవాలి. తీరా తెరిస్తే, మండే ఎండా ముసురు వానా వచ్చేది ఆ దిక్కుల నుంచే. పాతకాలపు బంగళాలు చుట్టూ వరండా వేసుకుని ఈ చిక్కు నుంచి బయటపడ్డాయి. కొరియా ఆ వరండానే ఆకాశంలోకి ఎత్తి, భవనం మూలల్లో రెండంతస్తుల ఎత్తున్న తోట వసారాలుగా మలిచాడు. ఆ భవనం రూపమంతా ఈ తగువుకు చెప్పిన తీర్పే.

ఇప్పుడు స్టూడియోలో ఇచ్చే మామూలు ప్రాజెక్టు ఒకటి ఊహించుకుందాం. హైదరాబాద్‌లో పేట గ్రంథాలయం. స్థలం 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. పడమట రోడ్డు, బస్టాపు. అక్కణ్ణుంచి తూర్పుకు నేల 3 మీటర్లు దిగుతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు జనం నడిచి నడిచి వేసుకున్న అడ్డదారి ఉంది.

ఇక్కడ తగువు పడమటి దిక్కుతోనే. వానాకాలంలో గాలి బలంగా వీచేది అటునుంచే. సాయంత్రపు ఎండ, హారన్ల మోత వచ్చేదీ అటునుంచే. ఒకటి కావాలి, రెండు వద్దు. ‘ప్రకృతితో మమేకమయ్యే భవనం’ అని రాస్తే ఈ చిక్కు మాటల కింద దాక్కుంటుంది. దాన్ని పైకి తీసి రాస్తే ఇలా ఉంటుంది:

‘రోడ్డు పక్కన మెట్లు, పుస్తకాల అరలు, స్టోరు కలిసి ఒక మందపాటి పొర. దాని వెనక సన్నటి పెరడు. పెరటికి అవతల, వాలుతోపాటు దిగే చదువుల హాలు. పొర మీదుగా వచ్చే గాలి పై కిటికీల గుండా హాల్లోకి దిగుతుంది. జనం దారి మూయకుండా సాగుతుంది.’

ఇందులో ప్రతి వాక్యం ప్లాన్‌లో ఏదో ఒకటి తేల్చేస్తుంది. చివరి వాక్యానికి లెక్క కూడా ఉంది. ఆ అడ్డదారి పొడవు 50 మీటర్లు, దిగుడు 3 మీటర్లు. అంటే దాదాపు 17కు 1 వాలు. చక్రాల కుర్చీకి ర్యాంపు 12కు 1 కన్నా నిటారుగా ఉండకూడదంటారు. జనం కాళ్లు కనిపెట్టిన దారి ర్యాంపుగానూ పనికొస్తుందన్నమాట, నడుమ ఆగేందుకు సమతలాలు వేసినా సరిపోతుంది. అయితే దారి మధ్యలోంచి పోతే భవనం రెండు ముక్కలవుతుంది. పోనీ, మంచిదే. పేపర్లు చదివేవాళ్లు, పిల్లలు ఒక పక్క. నిశ్శబ్దం కావలసినవాళ్లు రెండో పక్క.

అసలు పరీక్ష తేలిక. ఈ పేరాను తీసుకెళ్లి చదునైన మరో స్థలం మీద పెట్టి చూడాలి. తామర పువ్వు అక్కడా హాయిగా కూర్చుంటుంది. ఈ పేరా కూర్చోదు, దిగడానికి వాలే లేదు కాబట్టి.

దీనికీ హద్దులున్నాయి. మోత పూర్తిగా పోదు. రోడ్డు నేరుగా కనిపించకపోవడం, హాలు కిందికి ఉండటం వల్ల తగ్గుతుందంతే. పైగా గాలి గురించి విద్యార్థులు నమ్ముకునే వాతావరణ శాఖ పటం విమానాశ్రయం లాంటి ఖాళీ మైదానపు కొలతలతో వేసింది. రోడ్డుకు అవతల మూడంతస్తుల అపార్ట్‌మెంటు నిలబడి ఉంటే కథ మారిపోతుంది. పొద్దున పదకొండింటికి ఒకసారి చూసొస్తే ఇది తెలియదు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ వెళ్లి, కర్రకు రిబ్బను కట్టి నేల దగ్గరా మేడ ఎత్తులోనూ పట్టుకుని చూడాలి. కింద రిబ్బను వేలాడుతూ పైది ఊగితే పొర మీద గాలిని పట్టే తొట్టి ఎత్తు పెరగాలి. రెండూ వేలాడితే గాలి వాక్యాన్ని కొట్టేసి పొరను ఎండకూ మోతకూ మాత్రమే అడ్డుగా రాసుకోవాలి; అప్పుడు హాలుకు ఫ్యాన్లు తప్పవు.