పొల్లు పోయిన నకలు

2014లో డీప్‌మైండ్ సంస్థలో అలెక్స్ గ్రేవ్స్, గ్రెగ్ వేన్, ఐవో డానిహెల్కా అనే ముగ్గురు ఒక యంత్రానికి ఎత్తిరాసే పని అప్పగించారు. సున్నాలూ ఒకట్లతో చేసిన ముక్కల వరసను చూపిస్తారు. వరస అయిపోయాక యంత్రం దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి రాయాలి. ఆ యంత్రానికి న్యూరల్ ట్యూరింగ్ మెషీన్ అని పేరు పెట్టారు. రాసి పెట్టుకోవడానికి దానికి పలక లాంటి మెమరీ కూడా ఇచ్చారు. శిక్షణలో చూపిన వరసలేవీ 20 ముక్కలు దాటలేదు. పరీక్షలో మాత్రం 120 ముక్కల వరస దాకా వెళ్లారు. అంత పొడుగు వరసనూ యంత్రం చాలావరకు బాగానే రాసింది, కానీ ఒకచోట ఒక ముక్కను రెండుసార్లు రాసింది. దాంతో అక్కడి నుంచి చివరిదాకా ప్రతి ముక్కా ఒక స్థానం వెనక్కి జరిగిపోయింది. కంటితో చూస్తే నకలు చక్కగానే ఉంటుంది. ఏ స్థానంలో ఏది ఉండాలో లెక్కచూస్తే మాత్రం ఆ చోటు తర్వాత అంతా తప్పే.

ఈనాటి భాషా మోడళ్ల పూర్వీకుల్లో ఇదొకటి. ఆ పొరపాటును ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మోడల్‌ను తన పాత జవాబే అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చెప్పమంటే ఒక వాక్యం ఎగిరిపోవడం, ఒక మాట మారిపోవడం ఇప్పటికీ జరుగుతుంది. చాలామంది దాన్ని మతిమరుపు అనుకుంటారు. నిజానికి అది రాతపని చేసే ప్రతి చేతికీ ఉన్న పాత జబ్బు.

తాళపత్రాలను పరిష్కరించే పండితులు దీన్ని లేఖక ప్రమాదం అంటారు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకుని ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి చూపించుకున్నాడంటే ఏ ఒక్క ప్రతినీ పూర్తిగా నమ్మలేకనే. లేఖకుడి పొరపాట్లు ఎన్నో రకాలు. అందులో రెండు అన్ని భాషల్లోనూ, అన్ని కాలాల్లోనూ కనిపిస్తాయి. రెండు పంక్తులు ఒకే మాటతో ముగిస్తే, పై పంక్తి రాసి తలెత్తిన లేఖకుడి కన్ను కింది పంక్తి చివర వాలుతుంది. మధ్యలో ఉన్నది పోతుంది. రెండోది, అరుదైన మాట ఎదురైనప్పుడు చెయ్యి తనకు అలవాటైన మాటనే రాసేస్తుంది. ఎత్తిరాతలో భాషా మోడల్ చేసే తప్పులు కూడా ప్రధానంగా ఈ రెండే. ఎందుకో తెలియాలంటే దాని లోపల ఎత్తిరాత ఎలా జరుగుతుందో చూడాలి.

ముందుగా ఒక అపోహ తీరాలి. మోడల్ ఇచ్చిన జవాబు దాని కడుపులో ఒక ఫైలుగా ఉండదు. మీరు కొత్త ప్రశ్న వేసిన ప్రతిసారీ అప్పటిదాకా జరిగిన సంభాషణ మొత్తం దాని ముందుకు పాఠంగా వస్తుంది. తన పాత జవాబు కూడా అందులో భాగంగానే, మీ ప్రశ్నల పక్కన వస్తుంది. మళ్లీ చెప్పమన్నప్పుడు అది ఆ భాగాన్ని జిరాక్స్ తీయదు. మొదటిసారి ఎలా రాసిందో అలాగే, ముక్క తర్వాత ముక్క కొత్తగా రాస్తుంది. ప్రతి ముక్క దగ్గరా తర్వాత ఏది రావాలని లెక్క వేసుకుంటుంది. ఆ ముక్కలనే టోకెన్లు అంటారు.

అయినా అంత బాగా ఎలా ఎత్తిరాయగలుగుతోంది? 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్‌ను తయారుచేశారు. రాస్తున్న చోటి నుంచి వెనక్కి, పాఠంలో ఏ టోకెన్ వైపైనా చూడగలగడం దాని ప్రత్యేకత. ఆ చూపుకే అటెన్షన్ అని పేరు. ఈ చూపుల్లో కొన్ని ఎత్తిరాతకే అంకితమై ఉన్నాయని 2021లో ఆంత్రోపిక్ పరిశోధకులు బయటపెట్టారు. వాటికి ఇండక్షన్ హెడ్‌లు అని పేరు పెట్టారు. ఇవి ఎవరో అమర్చినవి కావు. శిక్షణ మొదట్లో ఒక దశలో ఉన్నట్టుండి ఏర్పడతాయి.

వాటి పని రెండు అంచెల్లో సాగుతుంది. మొదటి అంచెలో ప్రతి టోకెన్ మీదా దాని ముందున్న టోకెన్ ఏదో తెలిపే గుర్తు పడుతుంది. రెండో అంచెలో, ఇప్పుడు రాసిన టోకెన్ ఏదో చూసుకుని, ఆ గుర్తు ఉన్న చోటు పాత పాఠంలో ఎక్కడుందో వెతుకుతుంది. దొరికిన చోట ఉన్న టోకెన్‌నే ముందుకు తెస్తుంది. ఒక్క అంచె మాత్రమే ఉన్న మోడల్‌కు ఈ విద్య రాదు. రెండు అంచెలు ఉండాలి.

ఒక జవాబు తీసుకుని చూద్దాం. ఆవకాయ పెట్టే పద్ధతి అడిగితే మోడల్ ఇలా రాసిందనుకోండి: "ముక్కలకు నూనె, ఆవపిండి, కారం, ఉప్పు పట్టించి జాడీకెత్తి మూత పెట్టండి. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, మళ్లీ మూత పెట్టండి. నెల తర్వాత వాడుకోండి." ఇప్పుడు దీన్నే మళ్లీ రాస్తోంది. టోకెన్లను మాటలుగా అనుకుంటే అర్థం చేసుకోవడం తేలిక. "ఉప్పు పట్టించి" రాసింది. "ముందు 'పట్టించి' ఉంది" అనే గుర్తు పాఠంలో ఒక్కచోటే ఉంది కాబట్టి "జాడీకెత్తి" తడబాటు లేకుండా వస్తుంది. తర్వాత "మూత పెట్టండి" రాసింది. ఇక్కడ చిక్కు వస్తుంది. "ముందు 'పెట్టండి' ఉంది" అనే గుర్తు రెండు చోట్ల ఉంది. ఒకచోట అది "మూడో" మీద ఉంది, ఇంకోచోట "నెల" మీద ఉంది. రెండు మాటలు వెనక్కి చూసినా అదే "మూత పెట్టండి". మూడో మాట దాకా వెళ్తే గానీ తేడా తెలియదు. అక్కడ "జాడీకెత్తి" ఉంటే మొదటి చోటు, "మళ్లీ" ఉంటే రెండో చోటు.

ఇంత చిన్న పాఠంలో నేటి పెద్ద మోడళ్లు దాదాపుగా తప్పు చేయవు. వాటి చూపు మూడు మాటలే కాదు, ఇంకా చాలా వెనక్కి వెళ్తుంది. స్థానం కూడా కొంత సాయం చేస్తుంది. చిక్కంతా పొడుగాటి, ఒకే పోలిక ఉన్న పాఠాలతోనే. ఇరవై షరతులున్న అద్దె ఒప్పందం, ఒకే మాటలతో మొదలయ్యే పట్టిక వరసలు, ఒకే రకం లైన్లు పదేపదే వచ్చే ప్రోగ్రామ్ ఇలాంటివే. 2024లో సామీ జెలాసీ బృందం ఎత్తిరాత మీద చేసిన పనిలో ట్రాన్స్‌ఫార్మర్లు ఇలా కొద్ది టోకెన్ల గుంపును సరిపోల్చి చోటు పట్టుకుంటాయనీ, ఆ గుంపే పాఠంలో రెండోసారి వస్తే తడబడతాయనీ తేలింది.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది తప్పు జరిగిన తర్వాత జరిగే సంగతి. మోడల్ "మూత పెట్టండి" తర్వాత "నెల" అని రాసేసిందనుకోండి. ఆ క్షణం నుంచి దాని వేలు రెండో చోట ఉంటుంది. "నెల" తర్వాత "తర్వాత", ఆ తర్వాత "వాడుకోండి" తిన్నగా దొరుకుతాయి. ఎక్కడా తడబాటు ఉండదు. మూడో రోజు తిరగకలపాలన్న వాక్యం మొత్తం పోయినా, మిగిలిన నకలు నున్నగా, నమ్మకంగా సాగిపోతుంది. వాక్యం పోయిన గుర్తు ఎక్కడా మిగలదు. చదివేవాడు ఆవకాయ పెట్టడం ఎరిగినవాడైతేనే పట్టుకుంటాడు.

రెండో రకం తప్పు సూక్ష్మమైనది. మోడల్ తర్వాతి టోకెన్‌ను ఎంచుకునేటప్పుడు ఎత్తిరాసే చూపులు మాత్రమే ఓటు వేయవు. కోట్ల పుటలు చదివి నేర్చుకున్న భాషాజ్ఞానం కూడా ఓటు వేస్తుంది. రెండు ఓట్లూ కలిపి ఒకే మొత్తం అవుతాయి. పాఠంలో ఉన్న మాటే వాడుకలోనూ సహజమైతే ఇబ్బందే లేదు. "తిరగకలిపి" లాంటి మాట దగ్గర తేడా వస్తుంది. అది వంటింట్లో బతికే మాట, అచ్చులో అరుదు. "తిరిగి కలిపి" అచ్చులో ఎక్కువ. ఎత్తిరాసే చూపు మొదటిదానికి ఓటు వేస్తే అలవాటు రెండోదానికి వేస్తుంది. ఎక్కువసార్లు మొదటిదే గెలుస్తుంది, ఎప్పుడో ఒకసారి రెండోది గెలుస్తుంది. మొదటి జవాబులో "ఆవపండి" అని అచ్చుతప్పు పడి ఉంటే, నకలులో అది "ఆవపిండి"గా దిద్దుబడి వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. అడగకుండా జరిగిన ఆ దిద్దుబాటు మంచిదే అనిపించవచ్చు. కానీ నకలు అడిగినప్పుడు అది తప్పే.

2022లో జరిగిన ఒక పోటీలో, మోడల్ పెద్దదయ్యే కొద్దీ ఏ పనుల్లో వెనకబడుతుందో వెతికారు. అక్కడ గెలిచిన పనుల్లో ఒకటి సరిగ్గా ఇదే. అక్షరదోషం ఉన్న వాక్యాన్నో, ప్రసిద్ధ వాక్యంలో ఒక మాట మార్చినదాన్నో ఇచ్చి ఉన్నదున్నట్టు రాయమంటే, చిన్న మోడళ్లు ఎక్కువగా ఉన్నదే రాసేశాయి. పెద్దవి ఎక్కువగా దిద్దేశాయి. ఎక్కువ చదువుకున్న లేఖకుడే ఎక్కువ దిద్దుతాడని పరిష్కర్తలకు ముందే తెలుసు. అందుకే రెండు పాఠాంతరాల్లో కష్టమైన మాట ఉన్నదే మూలానికి దగ్గర కావచ్చని వాళ్లు అంటారు.

ఎంచుకునే పద్ధతి కూడా తప్పుకు కొంత దారి ఇస్తుంది. మోడల్ ప్రతిసారీ ఎక్కువ ఓట్లు వచ్చిన టోకెన్‌నే తీసుకోదు. రాత బిగుసుకుపోకుండా కొంత పాచికలాట ఉంటుంది. ఒక్కో టోకెన్ సరిగ్గా పడే అవకాశం వెయ్యికి 999 అనుకుందాం. ఎంతో గొప్పగా వినిపిస్తుంది. కానీ 700 టోకెన్ల జవాబు పూర్తిగా పొల్లుపోకుండా రావాలంటే 700 సార్లూ గెలవాలి. ఆ అవకాశం దాదాపు సగం. తెలుగుకు ఈ లెక్క ఇంకా కష్టం. యూటీఎఫ్-8లో మన ప్రతి వర్ణానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. "ఆవపిండి" ఒక్కటే 21 బైట్లు. చాలా మోడళ్లు తెలుగు మాటను ఇంగ్లిష్ మాట కంటే ఎక్కువ ముక్కలు చేస్తాయి. ముక్కలు పెరిగితే తప్పే సందర్భాలూ పెరుగుతాయి. దీనికి తోడు కొన్నిచోట్ల, వాడిన మాటే మళ్లీ వాడకుండా ఓట్లు తగ్గించే అమరిక ఒకటి పెడతారు. మామూలు రాతలో అది మేలు చేస్తుంది. ఎత్తిరాతలో మాత్రం ప్రతి మాటా వాడిన మాటే కాబట్టి నేరుగా కీడు చేస్తుంది.

ఇవన్నీ మూలపాఠం మోడల్ ముందు ఉన్నప్పటి తప్పులు. అది ముందు లేకపోతే సంగతి వేరు. ఏ మోడల్ ముందైనా ఒకసారికి పట్టే పాఠానికి హద్దు ఉంది. సంభాషణ ఆ హద్దు దాటితే కొన్ని యాప్‌లు పాత భాగాన్ని కత్తిరిస్తాయి, కొన్ని దాని బదులు సారాంశం పెడతాయి. అప్పుడు పదానికి పదం చెప్పడం అసాధ్యం. అయినా మోడల్ ఆ విషయం మీద సహజంగా వచ్చే జవాబు కొత్తగా రాసి, అదే పాతదన్నట్టు ఇవ్వగలదు.

ఈ రెండింటినీ వేరుచేసి గుర్తుపట్టడం కష్టం కాదు. నకలును, మూలాన్ని పక్కపక్కన పెట్టండి. పేరాలకు పేరాలు అక్షరాలతో సహా కలిసి, ఎక్కడో ఒక వాక్యం పోయినా, ఒక మాట మారినా అది లేఖక ప్రమాదం. పోయిన వాక్యానికి ముందూ దాని చివరా ఒకే మాటలు ఉన్నాయేమో చూడండి, తరచు ఉంటాయి. భావం ఒకటే అయి వాక్యాలన్నీ వేరుగా ఉంటే మోడల్ ముందు మూలం లేదన్న అనుమానం బలపడుతుంది.

"ఇది సరిగ్గా అదేనా?" అని మోడల్‌నే అడిగి తేల్చుకోవద్దు. ఆ జవాబు కూడా ఇదే దారిలో తయారవుతుంది. ఒప్పందమైనా, మందు మోతాదైనా, అమ్మమ్మ చెప్పిన కొలతలైనా పదానికి పదం కావాలంటే పైకి జరిపి, మొదటి జవాబు దగ్గరికే వెళ్లి, కాపీ బటన్ నొక్కి తీసుకోండి. మూలం అక్కడే ఉంది.