తలుపు వేశారు సరే... మరి కిటికీ?

పెళ్లి సంబంధం అనుకుంటే ఒకప్పుడు ఊళ్లో నలుగురినీ అడిగేవారు. ఇల్లు అద్దెకివ్వాలన్నా, పనిలో పెట్టుకోవాలన్నా అంతే. ఇప్పుడు చాలామంది ముందుగా చేసేది పేరు కొట్టి గూగుల్‌లో వెతకడం! ఆ వెతుకులాటలో మనింటి ఫొటోలు, పిల్లల ఫొటోలు ఎందుకు వస్తున్నాయి? రాకుండా చేయాలంటే ఏం నొక్కాలి?

గుంటూరులో ఇంటిదగ్గరే మగ్గం వర్క్ చేసే ఒక గృహిణి ఉందనుకుందాం. జాకెట్ల డిజైన్లు నలుగురికీ తెలియాలని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ ఖాతా తెరిచింది. ఓ రోజు అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలూ అందులోనే పెట్టింది. కింద అమ్మాయి పేరు, ఊరు, #maggamwork, #halfsaree అని రాసింది. జాకెట్లు అందరికీ కనిపించాలి, అమ్మాయి మాత్రం కనిపించకూడదు... ఇదీ ఆమె కోరిక. కుదురుతుందా? కుదురుతుంది. కానీ ముందు ఆ ఫొటో బయటికి వెళ్లే దారులు రెండున్నాయని తెలియాలి.

లోపలి దారి... హ్యాష్‌ట్యాగ్

2007 ఆగస్టులో క్రిస్ మెసినా అనే అమెరికన్ ఓ సలహా ఇచ్చాడు. ట్విటర్‌లో ఒకే విషయం మీద మాట్లాడుకునేవాళ్లంతా మాట ముందు # గుర్తు పెడితే వాటిని కలిపి చూడొచ్చన్నాడు. ఆ అక్టోబరులో శాన్‌డియాగోలో కార్చిచ్చు రేగినప్పుడు #sandiegofire అంటూ జనం కబుర్లు పంచుకున్నారు. అలా ఆ గుర్తు నిలదొక్కుకుంది. తర్వాత ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ కూడా దాన్ని తెచ్చుకున్నాయి.

దాని పని సులువే. గుర్తు తర్వాత ఖాళీ లేకుండా రాసిన మాట లింకుగా మారుతుంది. అదే మాట రాసిన పోస్టులన్నీ ఒకచోట చేరతాయి. మధ్యలో ఖాళీ వచ్చిందా, లింకు అక్కడితో ఆగిపోతుంది. #halfsaree మీద నొక్కిన ముక్కూమొహం తెలియనివాళ్లకూ మన గృహిణి పెట్టిన ఫొటో కనిపించవచ్చు. ఎందుకంటే ఆమె ఖాతా పబ్లిక్. అదే ప్రైవేట్ ఖాతా అయితే ఎన్ని హ్యాష్‌ట్యాగులు పెట్టినా ఆమె ఒప్పుకున్న ఫాలోయర్లకే కనిపిస్తుంది.

సరే, హ్యాష్‌ట్యాగ్ తీసేసింది. ఇక నిశ్చింతేనా? కాదు! హ్యాష్‌ట్యాగ్ ఆ యాప్ లోపలి సంగతి. గూగుల్‌కి దానితో ప్రత్యేకంగా పనిలేదు. ఫొటో కింద రాసిన మాటల్లో అదీ ఒక మాట, అంతే. అమ్మాయి పేరూ ఊరూ అక్కడే ఉంటే గుర్తు లేకపోయినా చదివేస్తుంది.

బయటి దారి... సెర్చ్ ఇంజిన్

గూగుల్ మనం అడిగినప్పుడు ప్రపంచమంతా తిరిగి వెతకదు. ముందే దాని ప్రోగ్రాములు వెబ్‌సైట్లన్నీ తిరుగుతూ చూసిన పేజీలను ఓ పెద్ద సూచికలో రాసుకుంటాయి. మనం పేరు కొట్టగానే ఆ సూచిక తిరగేసి చూపిస్తుంది. గ్రంథాలయంలో పుస్తకం తీసేసినా జాబితాలో కార్డు ఉండిపోయినట్లే, ఫొటో తీసేసినా సూచికలో అది కొన్నాళ్లు మిగిలే ఉంటుంది. 'డిలీట్ చేశాను కదా, ఇంకా ఎందుకొస్తోంది?' అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఇన్‌స్టాగ్రామ్ విషయంలో ఇంకో మార్పు ఉంది. 2025 జులై నుంచి పద్దెనిమిదేళ్లు దాటినవారి ప్రొఫెషనల్ ఖాతాల్లోని పబ్లిక్ ఫొటోలు, వీడియోలు సెర్చ్ ఇంజిన్లలో కనిపించేందుకు దారి తెరిచారు. వద్దనుకుంటే ఆపుకోవచ్చు. సెట్టింగ్స్‌లో Account privacyలోకి వెళితే సెర్చ్ ఇంజిన్ ఫలితాల్లో కనిపించనివ్వాలా అనే మీట ఉంటుంది. దాన్ని ఆపేయాలి.

ఇక్కడే మన గృహిణికి చిక్కు. మీట ఆపితే అమ్మాయి ఫొటోతోపాటు జాకెట్లూ గూగుల్‌కి దూరమవుతాయి. పోనీ ఖాతాను ప్రైవేట్ చేద్దామంటే ప్రొఫెషనల్ ఖాతాకు ఆ వీలు లేదు. ముందు పర్సనల్ ఖాతాగా మార్చాలి. కాబట్టి ఒక్కటే మార్గం... ఖాతాలు రెండు చేయడం. జాకెట్లకు పబ్లిక్‌గా ఒకటి, ఇంటి ఫొటోలకు ప్రైవేట్‌గా మరొకటి. అయితే ప్రైవేట్ ఖాతాకైనా పేరు, ప్రొఫైల్ ఫొటో, పరిచయవాక్యాలు అందరికీ కనిపిస్తాయి. ఫోన్ నంబరు, అమ్మాయి మొహం అక్కడ పెట్టకపోవడమే మేలు.

మిగతా చోట్ల...

ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో How people find and contact you అనే విభాగం ఉంది. బయటి సెర్చ్ ఇంజిన్లు మీ ప్రొఫైల్‌కు లింకు ఇవ్వొచ్చా అని అందులో అడుగుతుంది. వద్దని చెప్పాలి. అలాగని పబ్లిక్ పేజీల్లో మీరు రాసిన కామెంట్లు దాగిపోవు. లింక్డ్‌ఇన్‌లో పబ్లిక్ ప్రొఫైల్ కనిపించడాన్ని పూర్తిగా ఆపొచ్చు, లేదా ఫొటో మాత్రమే దాచొచ్చు. ఉద్యోగం వెతుక్కునేవారికి రెండోదే నయం.

సొంత వెబ్‌సైట్ ఉంటే దాచాలనుకున్న పేజీలో ఈ వరుస పెట్టించాలి.

```
<meta name="robots" content="noindex">
```

'ఈ పేజీని సూచికలో రాసుకోవద్దు' అని దీనర్థం. కొందరు తెలియక robots.txt అనే ఫైల్లో ఆ పేజీకి అడ్డుకట్ట కూడా వేస్తారు. అప్పుడు గూగుల్ లోపలికే రాదు, ఈ వరుసను చదవదు. వేరెక్కడైనా ఆ పేజీకి లింకు ఉంటే చిరునామా మాత్రం ఫలితాల్లో వచ్చేస్తుంది!

వరుస తప్పొద్దు

పాత ఫొటోల విషయంలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. మన గృహిణి మొదట అమ్మాయి ఫొటోలను వ్యాపార ఖాతాలోంచి తీసేయాలి. ఆ తర్వాతే గూగుల్‌లో Refresh Outdated Content అనే పేజీకి వెళ్లి ఆ పోస్టు చిరునామా ఇవ్వాలి. దీనికి సైటు మనదే కానక్కర్లేదు. కానీ అసలు ఫొటో ఇంకా అక్కడే ఉంటే విన్నపాన్ని తిరస్కరిస్తారు. ముందు పుస్తకం తీయాలి, తర్వాతే కార్డు చించమనాలన్నమాట.

పని అయిందో లేదో తెలియాలంటే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవాలి. మన ఖాతాతో వెతికితే మనకు తగ్గట్టు ఫలితాలు చూపించే అవకాశం ఉంది. పేరును కోట్స్‌లో పెట్టి, పక్కన ఊరి పేరు కొట్టాలి. తర్వాత ఇమేజెస్ కూడా చూడాలి. ఒక్క ఇన్‌స్టాగ్రామ్‌లోనే వెతకాలంటే పేరుకు ముందు `site:instagram.com` అని చేర్చాలి. వారం పది రోజులయ్యాక మళ్లీ ఓసారి చూసుకోవాలి.

ఇన్ని చేసినా మన చేతిలో లేనిది ఒకటుంది. అదే ఫంక్షన్ ఫొటోను పిన్నిగారో మేనమామో తమ పబ్లిక్ ఖాతాలో అమ్మాయి పేరుతో పెడితే, మన సెట్టింగులేవీ దాన్ని ఆపలేవు. ట్యాగ్ తీసేసినా తెగేది మన ఖాతాతో లింకు మాత్రమే. ఫొటో అక్కడే ఉంటుంది. దానికి మీట ఏదీ లేదు... ఫోన్ చేసి 'ఆ ఫొటో తీసేయండి' అని అడగాల్సిందే!